లోపలి టైరు

సీతారామారావు గారి కాలేజీ బస్సు పొద్దున పాతపట్నం షెడ్డులోంచి బయటకు రాకముందు, ఒక మనిషి దాని చుట్టూ తిరుగుతూ కనిపించేవాడు. యాభై దాటిన వయసు, నెరిసిన మీసం, ఖాకీ చొక్కా, చేతిలో మూరెడు చింతకర్ర. ఇంజను ఇంకా స్టార్టు చేసి ఉండడు. విద్యార్థులు వచ్చి సీట్లు పట్టుకుంటున్నా, గేటు దగ్గర తల్లిదండ్రులు తొందరపడుతున్నా అతను మాత్రం తన పద్ధతిలోనే తిరిగేవాడు. అతని పేరు జగన్నాధం.

జగన్నాధంది మెళియాపుట్టి వైపు ఒక చిన్న ఊరు. తండ్రి వరి, రాగులు పండించేవాడు, రాగుల్ని అక్కడ చోళ్లంటారు. జగన్నాధానికి పొలం మీద మనసు నిలవలేదు. మీసాలు రాకముందే లారీ క్లీనరుగా వెళ్లిపోయాడు. అప్పలసూరి అనే ముసలి డ్రైవరు దగ్గర పని నేర్చుకున్నాడు. అప్పలసూరి నోటితో చెప్పింది తక్కువ. లారీ కిందికి పంపి, చక్రం వెనక చెయ్యి పెట్టించి, వేలికి ఏం అంటిందో చెప్పమనేవాడు. గ్రీజా, నూనా, నీళ్లా, ఉత్త దుమ్మా అన్నది వేలు చూసి చెప్పాలి. చెప్పలేకపోతే మళ్లీ కిందికి పంపేవాడు. ఆ తర్వాత జగన్నాధం పలాస జీడిపప్పు, టెక్కలి రాళ్లు, ఒడిషా బియ్యం మోసిన లారీలు నడిపాడు. పిల్లలు పుట్టాక రాత్రిళ్లు ఇంట్లో పడుకునే పని కావాలని సీతారామారావు గారి దగ్గర చేరాడు. ఆయనకు పాతపట్నంలో పప్పుల వ్యాపారం, దానితో పాటు రెండు బస్సులు ఉన్నాయి. ఒక బస్సును శ్రీకాకుళంలో ఒక కాలేజీకి అద్దెకు కట్టారు. దాని డ్రైవరు జగన్నాధం.

అతని తనిఖీ డ్రైవరు తలుపు దగ్గర, ముందు కుడి చక్రంతో మొదలయ్యేది. టైరులో రోడ్డుకు తగిలే గట్టు ఎంత అరిగింది, పక్కన ఎక్కడైనా ఉబ్బిందా, కోత పడిందా అని చూసేవాడు. నట్ల చుట్టూ తుప్పు గీతలు కారి ఉంటే నట్టు వదులైందని అర్థం. ఒక్కో నట్టు మీద బొటనవేలు పెట్టి చూసేవాడు. గాలి ఎక్కించే మూతి మీద టోపీ ఉందో లేదో తడిమేవాడు. ఆ చిన్న టోపీ లేకపోతే దుమ్ము, ఇసక మూతిలోని పిన్నులోకి దిగి గాలి సన్నగా పోతుంది. ఒక్కోసారి అలా పోతున్నట్టు తెల్లారేదాకా తెలియనే తెలియదు.

వెనక చక్రాల దగ్గర పని ఎక్కువ. అక్కడ ఒక్కో పక్క రెండేసి టైర్లు జంటగా ఉంటాయి. బయటిది కంటికి కనిపిస్తుంది. లోపలిది దాని చాటున దాక్కుంటుంది. లోపలి టైరులో గాలి మొత్తం పోయినా బయటి టైరు బండిని ఎత్తే ఉంచుతుంది కాబట్టి చూపుకు ఏమీ తెలియదు. బరువంతా ఒక్కదాని మీద పడి, రోడ్డు మీద కాగి కాగి అది పగులుతుంది. అందుకే కర్రతో కొట్టి చూడాలి. గాలి ఉన్న టైరు కర్రను ఎగరగొట్టి కంగుమంటుంది. గాలి లేనిది బస్తాను కొట్టినట్టు చప్పగా పలికి కర్రను అక్కడే ఉంచేస్తుంది. కొద్దిగా తగ్గిన గాలిని కర్ర పట్టుకోలేదు, దానికి గాలి కొలిచే గేజీ పెట్టాల్సిందే. కానీ చచ్చిన టైరును మాత్రం కర్ర దాచనివ్వదు. బయటిదాన్ని కొట్టి, ఒంగి వెనక నుంచి లోపలిదాన్ని కొట్టి, రెండు చప్పుళ్లూ పోల్చుకునేవాడు జగన్నాధం. రెంటి మధ్య రాయి ఇరుక్కుందేమో చూసేవాడు. చివరికి టార్చి వేసి, చక్రం లోపలి పక్క, నడిమధ్య హబ్బు దగ్గర కొత్తగా తడి ఉందేమో చూసేవాడు.

కాలేజీ పిల్లలకు ఇది వింతగా ఉండేది. సెల్లుఫోనులో వీడియోలు తీసుకునేవారు. ఈ బస్సు ఎక్కితే భయం లేదని ఊళ్లో తల్లిదండ్రులు అనుకునేవారు. ఆ మాట జగన్నాధం దాకా వచ్చింది. అతనికి నచ్చింది కూడా.

అలాంటి మనిషికి చెవులు తగ్గడం మొదలైంది. ఏళ్ల తరబడి లారీ క్యాబినులో ఇంజను పక్కన కూర్చున్న చెవులవి. మొదట వంటింట్లో కుక్కరు కూత వినపడలేదు. భార్య రాజకుమారి పొయ్యి ఆర్పేస్తే ఇంకా కూత రాలేదు కదా అని అడిగాడు. ఆమె అతని మొహం వైపు చూసింది. తర్వాత టీవీ గట్టిగా పెట్టడం, ఫోనులో మాటలు రెండోసారి చెప్పించుకోవడం వచ్చాయి. శ్రీకాకుళం వెళ్లినప్పుడు డాక్టరుకు చూపించుకోమని ఆమె చాలాసార్లు చెప్పింది. సరే అనేవాడు. చూపించుకుంటే డ్రైవింగు లైసెన్సు రెన్యువలు దగ్గర ఆపేస్తారేమోనని అతని భయం.

చివరికి కర్ర చప్పుళ్లు కూడా తేడా లేకుండా పోయాయి. ఏ టైరును కొట్టినా దూరంగా ఎవరో గుమ్మం తట్టినట్టే వినిపించేది. కర్ర ఎగిరే తీరును చేయి చెబుతుంది కదా, అది చాలు అని సర్దుకున్నాడు. చేయి చాలావరకు సరిగ్గానే చెప్పేది. అయినా ఇదివరకు చెవి, చేయి కలిసి చెప్పినంత గట్టిగా అది చెప్పడం లేదని అతనికి తెలుసు. కొట్టడం మాత్రం మానలేదు. పిల్లలు చూస్తుంటారని ఇంకాస్త గట్టిగా కొట్టేవాడు.

ఏప్రిల్లో ఆ రోజు డిగ్రీ పరీక్షలు. ముందురోజు సాయంత్రం ఎడమ వెనక చక్రం బయటి టైరుకు పంచరు పడితే ఊరి చివర నూకయ్య షాపులో వేయించాడు. నూకయ్య, జగన్నాధం ఒకే ఈడువాళ్లు. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అని పిలుచుకునే చనువు. నూకయ్య ట్యూబు తీసి, గీకి, అతుకు వేసి, నీళ్లలో ముంచి చూపించి మరీ ఎక్కించాడు.

తెల్లారి జగన్నాధం ఎడమ వెనక చక్రం దగ్గరకు వచ్చేసరికి బస్సు నిండిపోయింది. బయటి టైరు కొట్టాడు. బాగుంది. డిస్కు కన్నంలోంచి వేళ్లు దూర్చి లోపలి టైరు మూతి తడిమాడు. టోపీ లేదు. ఎప్పుడు ఊడిందో తెలియదు. సాయంత్రం ఒకటి బిగించాలనుకుని, ఒంగి లోపలి టైరును కొట్టాడు. కర్ర ఎగరాల్సినంత ఎగరలేదు. అలా అనిపించింది. మళ్లీ కొట్టాడు. ఈసారి కొంచెం ఎగిరిందనుకున్నాడు. చెవికి ఏమీ తెలియలేదు. గేజీ షెడ్డు వెనక గదిలో ఉంది. దానికి తాళం. తాళం చెవి సీతారామారావు గారింట్లో. పైగా గేజీ తెచ్చి పెడితే, కర్రతో తేల్చుకోలేని స్థితికి వచ్చాడని అందరికీ తెలిసిపోతుంది. కిటికీలోంచి ఒక అమ్మాయి హాలుటికెట్టు చేత్తో పట్టుకుని అతని వైపే చూస్తోంది. జగన్నాధం కర్రను సీటు కింద పెట్టి బండి ఎక్కాడు.

సారవకోట దాటాక ఒక మలుపు దగ్గర ఎడమ వెనక బయటి టైరు బాంబులా పేలింది. బస్సు వెనక భాగం ఎడమకు ఒరిగింది. జగన్నాధం గబుక్కున బ్రేకు తొక్కలేదు. స్టీరింగు రెండు చేతులా బిగించి, యాక్సిలరేటరు వదిలేసి, బండి దానంతట అది నెమ్మదించేదాకా రోడ్డు మీదే పట్టి ఉంచాడు. లోపల ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ మలుపులో, రోడ్డు పక్కన గొడుగు వేసుకుని దాలమ్మ అనే ముసలామె తాటిముంజెలు అమ్ముతోంది. టైరు నుంచి ఊడిన రబ్బరు పట్టా ఎగిరి వెళ్లి ఆమె కుడి మణికట్టును కొట్టింది. జగన్నాధం పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి ఆమె చేతిని ఒళ్లో పెట్టుకుని, ఏడవకుండా, దొర్లిపోతున్న కాయల వైపు చూస్తోంది.

అతనే ఆటో ఎక్కించి నరసన్నపేట ఆసుపత్రికి తీసుకెళ్లాడు. పిల్లలు వేరే బస్సులో పరీక్షకు వెళ్లారు. దాలమ్మ ఎముక రెండు చోట్ల విరిగింది. ఖర్చు సీతారామారావు గారు పెట్టుకున్నారు. కేసు వద్దని దాలమ్మ అన్నయ్య పెద్దమనిషి తరహాలో ఒప్పుకున్నాడు. అంత వేగంలో బస్సును ఆపిన తీరు విని కాలేజీవాళ్లు జగన్నాధాన్ని మెచ్చుకున్నారు.

టైరు ఎందుకు పేలిందన్న మాట వచ్చింది. పేలింది ముందురోజు పంచరు వేసిన టైరే. సీతారామారావు గారికి అంతకంటే వేరే ఆలోచన అవసరం లేకపోయింది. ఆయన షెడ్డు ముందు నలుగురిలో నూకయ్యను పిలిపించి, అతుకు సరిగా వేయలేదని తిట్టారు.  నూకయ్య షెడ్డులో ఒక మూల విప్పి పడేసిన లోపలి టైరు దగ్గరకు వెళ్లి, దాని లోపల చెయ్యి పెట్టి తిప్పాడు. చేతినిండా నల్లటి రబ్బరు పొడి వచ్చింది. టైరు పక్కలు లోపల చుట్టూరా నలిగిపోయి ఉన్నాయి. గాలి లేకుండా చాలా దూరం తిరిగితే తప్ప టైరు అలా కాదని, బయటిది పేలాక బస్సు నడిచిన ఆ కాస్త దూరానికి ఇంత పొడి రాలదని నూకయ్య చెప్పాడు. లోపలిది పొద్దున్నే ఖాళీగా ఉందని, రెండు టైర్ల బరువూ తను పంచరు వేసిన టైరే మోసి పగిలిందని అతని వాదన.

సీతారామారావు గారు ఆ పొడి వైపు చూడలేదు. జగన్నాధం పొద్దున అన్ని టైర్లూ కొట్టి చూశాడని, బస్సులో ఉన్నవాళ్లంతా సాక్షులని అన్నారు. అది నిజమే. పిల్లల ఫోన్లలో వీడియో కూడా ఉంది.

అప్పుడు నూకయ్య జగన్నాధం వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు.

“బావా, ఒక్క మాట సెప్పు సాలు. ఆ పొద్దున కర్రతో కొట్టినావు కదా. లోపలిది బాగానే పలికినాదా?”

జగన్నాధం అతని పెదాలు కదలడం చూసి ప్రశ్న అర్థం చేసుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తన వైపు చూస్తున్నారు.

“పలికినాది,” అన్నాడు.

 నూకయ్య చేతికున్న పొడి తువ్వాలుకు తుడుచుకుని వెళ్లిపోయాడు.

ఆ మాట ఊళ్లో పాకింది. నూకయ్య అతుకు వేస్తే టైరు పేలుతుందని ఆటోవాళ్లు కూడా అనుకోసాగారు. ఒక సంత రోజున దాలమ్మ కట్టుతో పాతపట్నం వచ్చి, షాపు ముందు నిలబడి, నీ చెయ్యి పడిపోను అని శాపనార్థాలు పెట్టి, గుప్పెడు మట్టి ఎత్తి పోసి వెళ్లింది. జగన్నాధం ఆ పక్కనే టీ కొట్టులో ఉన్నాడు. ఆమె మాటలు అతనికి వినపడలేదు. మట్టి పోయడం కనిపించింది. టీ వదిలేసి షెడ్డుకు వెళ్లిపోయాడు. వానలు పడే వేళకు నూకయ్య షాపు మూసేసి, ఒడిషా సరిహద్దు అవతల పర్లాకిమిడిలో ఎవరిదో టైర్ల షాపులో కూలికి చేరాడని తెలిసింది.

జగన్నాధానికి నిద్ర చెడింది. అప్పటి నుంచి రోజూ గేజీ దగ్గర పెట్టుకునేవాడు. పిల్లలు రాకముందే ఆరు టైర్లకూ గాలి కొలిచి, వాళ్లు వచ్చాక కర్రతో కొట్టేవాడు. ఆ కొట్టడం తనకే అసహ్యంగా ఉండేది. మానేస్తే ఎందుకు మానేశావని అడుగుతారని మానలేదు. సెలవు రోజుల్లో సారవకోట వెళ్లి దాలమ్మ ఇంట్లో కూర్చునేవాడు. పప్పులు, కూరగాయలు పట్టుకెళ్లేవాడు. కట్టు విప్పాక ఆమె చెయ్యి కొంచెం వంకరగా నిలిచింది. కత్తి పట్టుకుంటే మణికట్టు తిరగడం లేదు. ఆమె అతన్ని తమ్ముడూ అని పిలిచేది. సమయానికి ఆసుపత్రిలో వేశావు, నువ్వు లేకపోతే చెయ్యి తీసేసేవారని అనేది. అతను తల దించుకుని మజ్జిగ తాగేవాడు. ఇంటికొచ్చాక అన్నం ముట్టేవాడు కాదు. రాజకుమారి అడిగితే కడుపులో బాగోలేదనేవాడు. ఆమెకు చెవుల సంగతి తెలుసు. మిగతాది ఆమె ఊహించుకుందో లేదో ఎప్పుడూ బయటపెట్టలేదు.

కాలేజీలు తెరిచాక ఒక పొద్దున, ఎడమ వెనక చక్రం లోపలి పక్కకు టార్చి వేస్తే, లోపలి టైరు గోడ మీద మెరుస్తూ ఒక చార కనిపించింది. వాన తడి కాదు. పాత గ్రీజు అయితే దుమ్ము పట్టి గట్టిపడి ఉంటుంది. ఇది దుమ్ము అంటకుండా తడిగా ఉంది. వేలితో తీసి వాసన చూశాడు. గేరాయిలు, ఇరుసులో పోసే నూనె. చార హబ్బు దగ్గర మొదలై బ్రేకు డ్రమ్ము అంచు మీదుగా దిగింది. కింద మట్టిలో కూడా చిన్న మచ్చ ఉంది. హబ్బులోని బేరింగులను తడిపే నూనెను బయటకు రానివ్వకుండా ఆపే సీలు పోయిందన్నమాట. ఆ నూనె డ్రమ్ములోకి దిగి బ్రేకు లైనింగు తడిస్తే ఆ చక్రానికి బ్రేకు పట్టదు. నూనె అయిపోతే బేరింగు కాలి చక్రమే బిగుసుకుపోవచ్చు.

బస్సు కదలదని జగన్నాధం చెప్పేశాడు. పిల్లలు గొణిగారు. సీతారామారావు గారు రెండో బస్సు పంపించి మెకానిక్కును పిలిపించారు. చక్రం విప్పి డ్రమ్ము లాగితే లైనింగులు నూనెలో నానినట్టు ఉన్నాయి. ఘాట్ రోడ్డు కాకపోయినా, వానలో నిండు బస్సుతో ఇది వెళ్లి ఉంటే ఏమయ్యేదోనని మెకానిక్కు అన్నాడు.

సీతారామారావు గారికి గర్వం కలిగింది. అక్కడున్న ఇద్దరు తండ్రుల ఎదుట జగన్నాధం భుజం మీద చెయ్యి వేశారు. ఇలాంటి కన్ను జిల్లాలో ఇంకెవరికీ లేదన్నారు. ఆ నూకయ్యకు ఇందులో పావు వంతు శ్రద్ధ ఉన్నా ఆ ముసలిదాని చెయ్యి విరిగేది కాదన్నారు.

చెవి పక్కనే అనడంతో జగన్నాధానికి ఆ మాట స్పష్టంగా వినిపించింది. తన భుజం మీది చెయ్యిని తనంతట తానే తీసి కిందికి దించాడు.

“నూకయ్యని అనకండి సావుకారూ. ఆ రోజు లోపలి టైరులో పొద్దున్నే గాలి లేదు. మూతికి టోపీ కూడా లేదు. నాకు సెవులు ఇనపడవు. ఇనపడవని తెలిసీ పలికినాదని సెప్పినాను.”

తండ్రులిద్దరికీ ఆ టైరు సంగతి సరిగ్గా అర్థం కాలేదు. సీతారామారావు గారికి అర్థమైంది. జగన్నాధాన్ని పప్పుల కొట్టు లోపలికి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేశారు. ఎంతకాలంగా ఇలా ఉందని అడిగారు. ఏడాది పైనే అని జగన్నాధం చెప్పాడు. ఏడాది పాటు అంతమంది పిల్లల్ని ఎక్కించుకుని, అని ఆయన ఒక మాట మొదలుపెట్టి ఆపేశారు. బండి తాళం తీసుకున్నారు. ఈ సంగతి బయట ఎక్కడా అనొద్దని, అంటే కాలేజీవాళ్లు బస్సు మాన్పించేస్తారని, ముసలిదాని మనుషులు మళ్లీ గొడవకు వస్తారని చెప్పారు. నూకయ్య సంగతి ఏంటని జగన్నాధం అడిగాడు. వాడెలాగూ వెళ్లిపోయాడు కదా అన్నారు ఆయన.

మర్నాడు జగన్నాధం పర్లాకిమిడి వెళ్లాడు. నూకయ్య ఒక లారీ టైరు మీద కూర్చుని, గడ్డపారతో దాని అంచు ఊడదీస్తున్నాడు. చిక్కిపోయాడు. జగన్నాధం ఎదురుగా నిలబడి, ఇంట్లో అనుకుని వచ్చినదంతా చెప్పాడు. నూకయ్య పని ఆపలేదు. అంతా అయ్యాక తల ఎత్తి, జగన్నాధానికి తెలియాలని ఒక్కో మాటా నింపాదిగా అన్నాడు.

“టైరులో సెయ్యెట్టినప్పుడే నాకు తెలిసిపోనాది. నీ నోటమ్మట వస్తాదని అడిగినాను. నీ సెవులు పోనాయని నాకు తెలీదు, తెలిస్తే అలగ అందరి ముందూ అడిగుండను. ఇప్పుడు నాకు సెప్పి ఏటి లాభం? నాకు తెలిసిందే కదా. తెలీనోళ్లకి సెప్పు.”

క్షమించమని జగన్నాధం అడగలేకపోయాడు. నూకయ్య గడ్డపార పక్కన పెట్టి, యజమాని పిలుస్తున్నాడని లేచి లోపలికి వెళ్లాడు.

అక్కడి నుంచి జగన్నాధం ఇంటికి రాలేదు. తిన్నగా సారవకోట బస్సు ఎక్కాడు. దాలమ్మ వాకిట్లో ఎడమ చేత్తో చీపురు పట్టుకుని ఊడుస్తోంది. తమ్ముడొచ్చాడని పీట వేసింది. అతను పీట మీద కూర్చోలేదు. లోపలి టైరు, బయటి టైరు అంటే ఆమెకు మొదట తలకెక్కలేదు. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూపిస్తూ, ఒకటి చచ్చిపోతే రెండోదాని మీద బరువు ఎలా పడుతుందో చెప్పాడు. చచ్చిపోయిన దాన్ని కనిపెట్టడం తన పని అని, కనిపెట్టలేదని, చేతికి అనుమానం తగిలినా ఊరుకున్నానని చెప్పాడు. నూకయ్య తప్పు లేదని చెప్పాడు.

దాలమ్మ చీపురు చేత పట్టుకునే అంతా విన్నది. అతను ఊహించినట్టు తిట్టలేదు. తన చేతి వైపు కూడా చూసుకోలేదు.

“అయితే ఆ మడిసిని ఊరికే తిట్టినానా నాను? ఆళ్ల షాపు ముందర మట్టి పోసినాను. ఆళ్ల పిల్లలు సూస్తన్నా ఆగనేదు.”

అవునన్నాడు జగన్నాధం.

“నువ్వు అప్పుడే సెప్పుంటే నాను మట్టి పోద్దునా? ఇన్నాళ్లూ నా ఇంట్లో కూకుని మజ్జిగ తాగినావు.” ఆమె చీపురు గోడకు ఆనించింది. “మరి రాకు నువ్వు. నువ్వు తెచ్చినియ్యేవీ నాకొద్దు.”

ఆ వారం సంత రోజున దాలమ్మ పాతపట్నం వచ్చింది. మూసి ఉన్న నూకయ్య షాపు ముందు నిలబడి, పక్క కొట్లవాళ్లనీ ఆటోవాళ్లనీ పిలిచి, తను ఈ మనిషిని ఊరికే తిట్టానని, టైరు సంగతి డ్రైవరే తనకు చెప్పాడని గట్టిగా చెప్పింది. తర్వాత నూకయ్య ఇల్లు వెతుక్కుని వెళ్లి అతని భార్యతో అదే మాట చెప్పింది. సాయంత్రానికి సంతలో అందరికీ తెలిసిపోయింది. కాలేజీకీ తెలిసింది.

కాలేజీవాళ్లు బస్సు మాన్పించలేదు. కొత్త డ్రైవరును పెట్టమని, బయలుదేరేముందు గేజీతో గాలి కొలవాలని అన్నారు. కానీ సీతారామారావు గారు జగన్నాధాన్ని క్షమించలేదు. వద్దన్నా బయట చెప్పి తన పరువు తీశాడని, షెడ్డు వైపు రావద్దని కబురు పంపారు. నూకయ్యతో ఆయన ఏమీ అనలేదు. ఒక రోజు రెండో బస్సు టైరును పర్లాకిమిడికి పంపించి, నూకయ్య చేతే పంచరు వేయించుకురమ్మన్నారు. ఆయన చేయగలిగిన క్షమాపణ అదే. నూకయ్య ఆ టైరు వేసి పంపాడు. సంక్రాంతి ముందు తన షాపు మళ్లీ తెరిచాడు. బేరం మెల్లగా వచ్చింది, మునుపటంత కాదు.

జగన్నాధం శ్రీకాకుళంలో చెవులు చూపించుకున్నాడు. రాజకుమారి దగ్గరుండి తీసుకెళ్లింది. చెవికి మిషను పెట్టుకుంటే మాటలు బాగానే తెలుస్తాయని, బండి నడపడానికి కూడా అడ్డు ఉండకపోవచ్చని డాక్టరు చెప్పాడు. మిషను పెట్టుకున్నాడు. బండి మాత్రం ఇంక నడపనన్నాడు. ఇప్పుడు తండ్రి వదిలిన పొలం చెక్కలో వరి, చోళ్లు చేస్తున్నాడు. ఆ పని అతనికి రాదు. పక్క పొలంవాళ్లను అడిగి చేస్తున్నాడు.

కొత్త డ్రైవరు గిరిబాబు ఒకసారి పొలానికి వచ్చాడు. హబ్బు దగ్గర నూనె చారకు, పాత గ్రీజుకు తేడా ఎలా తెలుస్తుందో చెప్పమని అడిగాడు. జగన్నాధం గట్టు మీద కూర్చుని అంతా వివరంగా చెప్పాడు. మూతికి టోపీ లేకపోతే ఆ టైరును నమ్మొద్దని, అనుమానం తగిలితే అందరూ చూస్తున్నా సరే గేజీ పెట్టమని చెప్పాడు. గిరిబాబు వెళ్లిపోయాక, నిజం చెప్పేశావు కదా, ఇంకా ఎందుకలా ఉంటావని రాజకుమారి అంది. దాలమ్మ చెయ్యి తిరగడం లేదు కదా అన్నాడు జగన్నాధం. ఆమె అన్నం గిన్నె అతని ముందు పెట్టింది. అతను కొంచెం తిన్నాడు.